షీటు లేకుండా డబ్బాలో దొరికిన తెల్ల బిళ్ల: ఫొటో చూసి ఏదో చెప్పగలరా?

రమ్య (కాకినాడ)
మా అత్తయ్యగారి మందుల డబ్బా అడుగున షీటు లేకుండా ఒక బిళ్ల దొరికింది. చిన్నది, తెల్లగా గుండ్రంగా ఉంది. ఒక వైపు మధ్యలో గీత ఉంది, రెండో వైపు నున్నగా ఉంది. అక్షరం గానీ అంకె గానీ లేదు. రెండు వైపులా తీసిన ఫొటోలు పెట్టాను.

ఆవిడ వాడేవి ఇవి. పరగడుపున థైరాయిడ్ బిళ్ల 50 మైక్రోగ్రాములు, టిఫిన్ అయ్యాక బీపీకి ఆమ్లోడిపిన్ 5 ఎంజీ, రెండు పూటలా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ 500. వయసు 71. ఇవాళ పొద్దున బీపీ బిళ్ల వేసుకున్నారో లేదో ఆవిడకి గుర్తు రావడం లేదు. "ఇది అదే అయ్యుంటుంది, వేసేసుకుంటా" అంటున్నారు. కాస్త చూసి చెప్పండి.

కిరణ్_హెచ్‌వైడి
ఫొటోని గూగుల్ లెన్స్‌లో వేసి చూశాను. వచ్చినవాటిలో ఎక్కువ ఆమ్లోడిపిన్ బిళ్లలే. మీరు చెప్పిన మూడింటిలో మెట్‌ఫార్మిన్ పెద్దది, కాబట్టి అది కాదు. థైరాయిడ్ బిళ్ల ఇంకా చిన్నగా ఉంటుంది. నా లెక్క ప్రకారం ఇది బీపీ బిళ్లే.

భాస్కర్ (ఫార్మసిస్ట్)
రమ్య గారూ, ముందు ఆ బిళ్ల ఆవిడ చేతికి అందకుండా తీసి పక్కన పెట్టండి. తిరిగి డబ్బాలో వేయకండి. చెంచాతో తీసి చిన్న కవర్లోనో, మడిచిన కాగితంలోనో పెట్టి, పైన ఈ రోజు తేదీ, "డబ్బాలో దొరికింది, ఏదో తెలియదు" అని రాయండి. మిగతాది ఆ తర్వాత మాట్లాడుకుందాం.

కిరణ్ గారూ, మెట్‌ఫార్మిన్ కాదన్నంత వరకు మీ మాట సరే. ఫొటో ఆ పని చేయగలదు, ఇది ఫలానాది కాదని చెప్పగలదు. ఫలానాదేనని మాత్రం చెప్పలేదు. మన దేశంలో బిళ్ల మీద పేరో, గుర్తో అచ్చు వేయాలన్న నియమం లేదు. పేరు, మోతాదు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ అన్నీ షీటు మీదో, సీసా మీదో ఉంటాయి. 2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్లకు తప్పనిసరి చేసిన క్యూఆర్ కోడ్ కూడా ప్యాకింగ్ మీదే ఉంటుంది. బిళ్ల షీట్లోంచి బయటపడిందంటే దాని వివరమంతా ఆ షీటుతోనే పోయినట్టు. గీత ఉన్న చిన్న తెల్ల గుండ్రటి బిళ్లలు మా షాపు అరల్లోనే బీపీవి, షుగర్‌వి, థైరాయిడ్‌వి, అలర్జీవి, స్టెరాయిడ్‌వి ఉన్నాయి. షీట్లోంచి తీసి కలిపి పెడితే నేనూ విడదీయలేను.

కిరణ్_హెచ్‌వైడి
ఒక్క ఫొటోతో కష్టమే, ఒప్పుకుంటాను. కానీ స్కేలు పక్కన పెట్టి వ్యాసం కొలిచి, బంగారం తూచే చిన్న కాటా మీద బరువు చూస్తే? బ్రాండుకో బరువు ఉంటుంది కదా. రెండూ కలిస్తే తేలిపోవాలి.

భాస్కర్ (ఫార్మసిస్ట్)
తేలదండీ. ఆమ్లోడిపిన్ 5 ఎంజీ బిళ్లలో మందు 5 మిల్లీగ్రాములే. బిళ్ల బరువు దానికి చాలా రెట్లు ఉంటుంది. మిగతాదంతా చేతికి అందేంత సైజు రావడానికి, విరిగిపోకుండా గట్టిగా ఉండడానికి కలిపే పిండి, లాక్టోజ్, సెల్యులోజ్ లాంటివి. థైరాయిడ్ బిళ్ల సంగతి చూడండి, అందులో మందు 50 మైక్రోగ్రాములు, అంటే ఒక మిల్లీగ్రాములో ఇరవయ్యో వంతు. మీ కాటా తూచేది ఆ పిండినే. ఒకే మందు రెండు కంపెనీల దగ్గర రెండు సైజుల్లో ఉంటుంది, ఒకే అచ్చులో రెండు వేర్వేరు మందులూ తయారవుతాయి.

రంగుదీ ఇదే గొడవ. పసుపు ఎల్‌ఈడీ కింద తెల్ల బిళ్ల మీగడ రంగులో పడుతుంది. ఫోను దాన్ని సరిదిద్దబోయి లేత పసుపు బిళ్లని తెల్లగా చూపిస్తుంది. పైగా షీటు బయట గాలికీ తేమకీ ఉన్న బిళ్ల దానంతటదే రంగు మారుతుంది. కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్, దానితో పాటు రాసే ఫోలిక్ యాసిడ్, రెండూ చిన్న పసుపు బిళ్లలుగా ఒకే మనిషి డబ్బాలో ఉండడం మామూలు. మొదటిది వారానికి ఒక్క రోజు వేసుకోవాల్సింది. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. ఆ రెండింటినీ ఫొటోలో చూసి వేరు చేస్తానంటే నేను నమ్మను.

సత్యం మాస్టారు
మా కాలంలో కొద్దిగా గీకి నాలిక మీద పెట్టి చూసేవాళ్ళం. బీపీ మాత్ర ఒక రకం చేదు, షుగర్ మాత్ర ఇంకో రకం.

డాక్టర్ అనూష (జనరల్ మెడిసిన్)
మాస్టారూ, దయచేసి ఆ పద్ధతి ఎవరికీ చెప్పకండి. మందుల్లో చాలా భాగం చేదే, రుచిని బట్టి పేరు తెలియదు. పైగా గీకితే కోటింగ్ పోతుంది, పొడి చేతికి అంటుతుంది. ఇందాక భాస్కర్ గారు చెప్పిన మెథోట్రెక్సేట్ లాంటివి గర్భిణులు ఆ పొడి తాకనే కూడదు. తెలియని బిళ్లని చెంచాతో తీయమన్నది అందుకే.

రమ్య గారూ, నాకు రెండు విషయాలు కావాలి. ఈ మధ్య ఆవిడకి ఏదైనా మందు ఆపేశారా? ఇంట్లో ఇంకెవరి మందులైనా ఆ డబ్బాలో పెడతారా? మీరు ఇచ్చిన జాబితా ఇప్పుడు వాడుతున్నవాటిది. బిళ్ల ఆ జాబితాలోంచే వచ్చిందని మనం ముందే అనేసుకుంటున్నాం.

రమ్య (కాకినాడ)
వేరేవాళ్ళవి పెట్టం. ఆపేసింది ఉంది. పోయిన నెల వరకు షుగర్‌కి గ్లిబెన్‌క్లమైడ్ 5 ఎంజీ కూడా వాడేవారు. తెల్లవారుజామున చెమటలు పట్టి షుగర్ 58 చూపించిందని డాక్టరు గారు ఆపేశారు. వెతికితే డబ్బాలో సగం కత్తిరించిన దాని షీటు ఉంది, ఇంకా నాలుగు బిళ్లలున్నాయి. ఒకటి ప్లాస్టిక్ వైపు నుంచి చూస్తే... అదీ తెల్లగా గుండ్రంగానే ఉంది, మధ్యలో గీతతో.

డాక్టర్ అనూష (జనరల్ మెడిసిన్)
నేను భయపడింది దీనికే. లెన్స్ ఆమ్లోడిపిన్ అన్నా, అది ఈ ఆపేసిన బిళ్ల కాదని ఎవరూ అనలేరు. గ్లిబెన్‌క్లమైడ్ ఒంట్లో చాలాసేపు పనిచేస్తుంది, పెద్దవాళ్ళలో కిడ్నీ పనితీరు తగ్గి ఉంటే ఇంకాస్త ఎక్కువసేపు. ఒక్క బిళ్ల రాత్రి వేసుకుని సరిగా తినకుండా పడుకుంటే నిద్రలోనే షుగర్ పడిపోవచ్చు, పక్కవాళ్ళకి తెలియదు కూడా.

రెండో వైపు కూడా చూడండి. ఈ బిళ్ల నిజంగానే బీపీదయ్యి, ఆవిడ ఇవాళ వేసుకోలేదనుకుందాం. పోయేదేమిటి? ఆమ్లోడిపిన్ ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది, సగానికి తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. థైరాయిడ్ మందైతే సగానికి తగ్గడానికి వారం దాకా పడుతుంది. ఒక్క పూట తప్పితే పెద్ద తేడా రాదు. వేసుకుంటే రాగల ముప్పుతో పోలిస్తే వేసుకోకపోతే వచ్చే నష్టం చాలా తక్కువ.

కిరణ్_హెచ్‌వైడి
దీనికి లెక్క కట్టే దారి ఉంది కదా. బీపీ షీట్లో ఎన్ని మిగిలాయో చూస్తే తెలుస్తుంది.

భాస్కర్ (ఫార్మసిస్ట్)
మంచి మాట. ఫొటో కంటే అది చాలా నయం. రమ్య గారూ, మెడికల్ షాపు బిల్లు ఉంటే తీయండి. అందులో మందు పేరు, బ్యాచ్, ఎన్ని ఇచ్చారు, తేదీ అన్నీ ఉంటాయి. వేసుకోవడం మొదలుపెట్టిన రోజు నుంచి ఇవాళ్టి దాకా రోజులు లెక్కపెట్టి, షీట్లో మిగిలినవాటితో సరిచూడండి.

రమ్య (కాకినాడ)
చూశాను. 4వ తేదీ సాయంత్రం 30 కొన్నాం, 15 బిళ్లల షీట్లు రెండు. 5వ తేదీ పొద్దున మొదలు. ఇవాళ 19. అంటే ఇవాళ్టితో కలిపి 15 వేసుకుని ఉండాలి, 15 మిగలాలి. సరిగ్గా 15 ఉన్నాయి. థైరాయిడ్ 100 బిళ్లల సీసా, ఎప్పుడు తెరిచామో ఎవరికీ గుర్తు లేదు.

కిరణ్_హెచ్‌వైడి
అయితే ఇవాళ్టి బిళ్ల షీట్లోంచి వచ్చింది, డబ్బాలో జారిపోయింది. తేలిపోయింది కదా!

భాస్కర్ (ఫార్మసిస్ట్)
సగమే తేలింది. 15 మిగలడానికి రెండు కారణాలుండొచ్చు. ఇవాళ బిళ్ల తీసి మింగేసి ఉండొచ్చు, అప్పుడు డబ్బాలో దొరికింది వేరే మందు అయ్యుండొచ్చు. లేదా షీట్లోంచి తీసినప్పుడు జారి డబ్బాలో పడి ఉండొచ్చు, అప్పుడది బీపీదే. రెండు సందర్భాల్లోనూ షీట్లో 15 ఉంటాయి. 16 ఉండి ఉంటే, మధ్యలో ఇంకే రోజూ తప్పలేదనుకుంటే, ఇవాళ వేసుకోలేదని, ఈ బిళ్ల ఆ షీటుది కాదని తెలిసేది. మీ విషయంలో లెక్క కుదిరింది కానీ జవాబు రాలేదు. సీసా సంగతి అసలు లెక్కకే అందలేదు. ఆపేసిన షీటూ అంతే, ఆఖరి రోజున ఎన్ని ఉన్నాయో ఎవరూ రాసుకోలేదు.

ఒకవేళ లెక్క పక్కాగా ఒక్క మందువైపే చూపించినా ఆ బిళ్ల వేసుకోవద్దనే అంటాను. ఎన్నాళ్ళు బయట ఉందో తెలియదు. థైరాయిడ్ మందు తేమకీ వెలుతురుకీ పాడవుతుంది. సీసాతో పాటు తేమ పీల్చే చిన్న పొట్లం ఇచ్చేది అందుకే. లెక్క వల్ల ఉపయోగం వేరు. ఏ పూట తప్పి ఉండొచ్చో డాక్టరుకి చెప్పడానికి పనికొస్తుంది.

రమ్య (కాకినాడ)
మరి ఇవాళ్టి బీపీ డోసు? షీట్లోంచి ఇంకోటి ఇవ్వమంటారా?

డాక్టర్ అనూష (జనరల్ మెడిసిన్)
వేసుకున్నారో లేదో తెలియనప్పుడు ఆమ్లోడిపిన్ ఇంకోటి ఇవ్వకండి. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే ఆవిడని అయిదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టి ఒకసారి చూసి రాసుకోండి. రేపు పొద్దున మామూలు సమయానికి ఒకటే ఇవ్వండి, రెండు కాదు. బీపీ 180/110 దాటినా, ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబాటు లాంటివి ఉన్నా రేపటి దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

చదివేవాళ్ళకి ఒక మాట. ఈ సలహా ఆమ్లోడిపిన్ వరకే. రక్తం గడ్డకట్టకుండా వాడేవి, ఫిట్స్‌కి వాడేవి ఒక పూట మర్చిపోతే అదే రోజు మీ డాక్టరుకి ఫోన్ చేయండి. ఇమ్మంటే కొత్త షీట్లోంచి ఇవ్వాలి గానీ దొరికిన బిళ్ల కాదు.

వెంకట్ (డాలస్)
ఇక్కడ అమెరికాలో పిల్ ఐడెంటిఫైయర్ సైట్లు బాగానే పనిచేస్తాయి. బిళ్ల మీద అక్షరాలు కొడితే పేరు, మోతాదు వచ్చేస్తాయి. రమ్య గారు వాటిలో ఎందుకు చూడలేదు?

భాస్కర్ (ఫార్మసిస్ట్)
వెంకట్ గారూ, అవి పనిచేసేది అక్కడి బిళ్లల మీద గుర్తు ఉండాలని చట్టం ఉంది కాబట్టి. రమ్య గారి బిళ్ల మీద కొట్టడానికి ఏమీ లేదు. "తెలుపు, గుండ్రం, ఒక గీత" అని కొడితే అక్కడి మందుల జాబితా వస్తుంది, ఇక్కడి బ్రాండు అందులో ఉండదు. ఇండియా నుంచి వచ్చిన మీ అమ్మానాన్నల మందులకీ ఇదే వర్తిస్తుంది. షీట్లు తీసేసి వారం డబ్బాల్లో పోసుకుని విమానం ఎక్కితే, అక్కడి ఎమర్జెన్సీ రూములో ఆ బిళ్లలు ఏవో ఎవరూ చెప్పలేరు. షీట్లతో, మందుల చీటీతో తెచ్చుకోమనండి.

గుర్తు ఉన్నా షాపు సీసాలోంచి కాకుండా వేరే చోట దొరికిన బిళ్లైతే దాన్నీ నమ్మలేం. ఎం30 అని అచ్చు ఉన్న నకిలీ నొప్పి మాత్రల్లో ఫెంటానిల్ అనే చాలా బలమైన మత్తుమందు దొరుకుతోందని అమెరికా మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ హెచ్చరికలు చూసే ఉంటారు. అచ్చు అసలుదానిలాగే ఉంటుంది, లోపలిది వేరు.

నాగమణి (నల్గొండ)
నాదీ ఇలాంటిదే. మోకాళ్ళ నొప్పులకి మా ఊరి ఆర్‌ఎంపీ కాగితం పొట్లంలో విడి బిళ్లలు ఇస్తాడు, రోజుకి మూడు రకాలు. నెలన్నరగా వాడుతున్నా, నొప్పి చాలా తగ్గింది. ఫొటో పెడితే ఏవో చెబుతారా? పేరు తెలిస్తే షాపులో నేనే కొనుక్కుంటా.

డాక్టర్ అనూష (జనరల్ మెడిసిన్)
నాగమణమ్మా, మీ ఫొటో చూసినా నేను పేరు చెప్పలేను. మీరు అడిగినదాని కంటే ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. పేరు చెప్పకుండా నొప్పులకి ఇచ్చే పొట్లాల్లో స్టెరాయిడ్ ఉండడం మేం తరచు చూస్తుంటాం. నెలన్నర వాడి ఉంటే ఒక్కసారిగా ఆపకండి. స్టెరాయిడ్ అయితే హఠాత్తుగా ఆపడం వల్ల నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం రావచ్చు. మిగిలిన పొట్లం అలాగే పట్టుకుని రెండు రోజుల్లో ఎంబీబీఎస్ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. షుగర్, బీపీ చూస్తారు, ఎలా తగ్గించాలో చెబుతారు. మొహం ఉబ్బినా, మలం నల్లగా వచ్చినా ఆ రోజే వెళ్ళాలి. ఈలోపు ఆయన్నే అడిగి మూడింటి పేర్లూ ఆయన చేతితోనే కాగితం మీద రాయించుకోండి.

నాగమణి (నల్గొండ)
అడిగితే "పేరెందుకమ్మా, నొప్పి తగ్గిందిగా" అంటాడు.

డాక్టర్ అనూష (జనరల్ మెడిసిన్)
పేరు రాయనివాళ్ళ దగ్గర కొత్త పొట్లం తీసుకోకండి. కానీ అది డాక్టరుని కలిశాకే. మధ్యలో ఖాళీ రాకూడదు.

లక్ష్మి_గుంటూరు
ఇలాంటి బిళ్ల పిల్లలు మింగేస్తే ఏం చేయాలి? మా బాబుకి రెండేళ్ళు, కింద దొరికిందల్లా నోట్లో పెడతాడు.

డాక్టర్ అనూష (జనరల్ మెడిసిన్)
బిళ్ల ఏదో కనిపెట్టే పనిలో పడకండి, ఫొటోలు పంపుతూ కూర్చోకండి. నోట్లో మిగిలింది వేలితో తీసేయండి. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. బాబు బాగానే ఆడుకుంటున్నా ఆసుపత్రికి తీసుకెళ్ళండి, మగతగా ఉంటే 108కి ఫోన్ చేయండి. దారిలో ఎయిమ్స్ విష సమాచార కేంద్రానికి చేయొచ్చు, టోల్ ఫ్రీ నంబరు 1800 116 117, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది. అమెరికాలో ఉన్నవాళ్ళకి 1-800-222-1222. ఇంట్లో ఉన్న మందుల షీట్లన్నీ, ఆపేసినవాటితో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. డాక్టర్లు బిళ్లని కాదు, ఆ షీట్లని చూసి ఏది అయ్యే అవకాశం ఉందో, వాటిలో ఏది ప్రమాదకరమో దాన్ని బట్టి వైద్యం చేస్తారు.

షుగర్ బిళ్ల అయ్యే అవకాశం ఉంటే గ్లూకోమీటర్లో రీడింగ్ బాగుందని ఇంటికి తెచ్చేయకండి. కొన్ని గంటల తర్వాత పడిపోవచ్చు, అందుకే ఒక రోజంతా ఉంచుకుని చూస్తారు. పెద్దవాళ్ళు మింగితే, షుగర్ 70 కంటే తక్కువుండి స్పృహలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకి మళ్ళీ చూడండి. పెరిగినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకండి.

కిరణ్_హెచ్‌వైడి
ల్యాబులో పరీక్ష చేయించే దారి లేదా? ప్రభుత్వ డ్రగ్ ల్యాబులు ఉన్నాయి కదా.

భాస్కర్ (ఫార్మసిస్ట్)
ఉన్నాయి. డ్రగ్స్ చట్టం 26వ సెక్షన్ కింద కొన్నవాళ్ళు ఫీజు కట్టి పరీక్షకి ఇవ్వొచ్చు కూడా. కానీ అది ఫలానా మందు అని అమ్మినదాంట్లో ఆ మందు సరిగా ఉందా అని తేల్చడానికి. దానికి చాలా బిళ్లలు కావాలి, బిళ్ల ఎలా కరుగుతోందో చూడడానికే మొదట ఆరు వాడతారు. డబ్బాలో దొరికిన ఒక్క బిళ్లకి అది దారి కాదు. కొత్త షీటు కొనడమే సులువు.

రమ్య (కాకినాడ)
బీపీ 146/84 ఉంది. బీపీ బిళ్ల ఇంకోటి ఇవ్వలేదు. గ్లిబెన్‌క్లమైడ్ షీటు తీసి బిళ్ల ఉన్న కవర్లోనే పెట్టేశాను, రేపు డాక్టరు గారికి చూపిస్తాం. మళ్ళీ ఇలా జరక్కుండా డబ్బా ఎలా సర్దాలి? ఆవిడ పూటకో అర ఉన్న వారం డబ్బానే వాడతారు, షీటు నొక్కి తీయడం ఆవిడకి కష్టం.

భాస్కర్ (ఫార్మసిస్ట్)
డబ్బా మానక్కర్లేదు. బిళ్లని బయటికి తీయకుండా షీటునే గడి గడిగా కత్తిరించి, రేకుతో సహా అరలో వేయండి. ఆ పూటకి మీరే నొక్కి తీసి చేతిలో పెట్టండి. కత్తిరించిన అంచులు మొనదేలి ఉంటాయి, రేకుతో సహా మింగేస్తే గొంతులో గుచ్చుకుంటుంది, కాబట్టి ఆవిడకి వదిలేయకండి. షీటుకి ఒక చివర బ్యాచ్, ఎక్స్‌పైరీ ఉంటాయి, ఎప్పుడూ రెండో చివర నుంచి కత్తిరించుకుంటూ రండి. థైరాయిడ్ మాత్రం సీసాలోనే ఉంచండి, తెరిచిన తేదీ మూత మీద పెన్నుతో రాయండి. ఆదివారం డబ్బా నింపేటప్పుడు షీట్ల వెనక పేరున్న వైపు ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ఫొటో నిజంగా పనికొచ్చేది ఇక్కడ.

సత్యం మాస్టారు
కవర్లో పెట్టిన ఆ బిళ్లని చివరికి ఎక్కడ పారేయాలి? కాలవలో వేయొచ్చా?

భాస్కర్ (ఫార్మసిస్ట్)
కాలవలో వద్దు మాస్టారూ. తీసుకునే మెడికల్ షాపు ఉంటే అక్కడ ఇవ్వండి, అన్ని షాపులూ తీసుకోవు. లేకపోతే వాడేసిన టీ పొడిలోనో మట్టిలోనో కలిపి, కవర్లో మూట కట్టి చెత్తలో వేయండి, కుక్కలూ పిల్లలూ ముట్టకుండా. ఊళ్ళో ఇలాంటి మందులు తీసుకునే చోటు ఎవరికైనా తెలిస్తే ఇక్కడ రాయండి, కాకినాడ వైపు నాకు తెలిసిన చోటు లేదు.